వాయిస్ మెయిల్ పలకరింపు: ఎలాంటిది పెట్టాలి, ఎంతసేపు ఉండాలి

మా వదిన టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతుంది. శ్రావణమాసం దగ్గర పడిందంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. మిషన్ మీద ఉన్నప్పుడు, ఎవరికైనా కొలతలు తీస్తున్నప్పుడు తను ఫోన్ ఎత్తదు, ఎత్తలేదు కూడా. ఆ కాల్స్ అన్నీ వాయిస్ మెయిల్‌కి పోతాయి. పోయినేడు ఒకరోజు నాతో అంది: "ఇరవై మిస్డ్ కాల్స్ ఉంటే మెసేజ్‌లు రెండే ఉంటున్నాయి. మిగతావాళ్లంతా వినకుండానే పెట్టేస్తున్నారు."

నా ఫోన్ నుంచి తన నంబరుకు చేసి, ఎత్తొద్దని చెప్పి, చివరిదాకా విన్నాను. పలకరింపు నలభై ఆరు సెకన్లు ఉంది. అది ఇలా సాగింది:

"హలో అండీ... ఇది ఫలానా బొటీక్. మాకు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు. మా వద్ద బ్లౌజులు, లెహంగాలు, పిల్లల పరికిణీలు, మగ్గం వర్క్, ఫాల్, పీకో అన్నీ చేయబడును. మీ కాల్ మాకు చాలా ముఖ్యం. ప్రస్తుతం మేము అందుబాటులో లేము. దయచేసి మీ పేరు, ఫోన్ నంబరు, మీకు కావలసిన సర్వీసు, మీకు వీలైన సమయం తెలియజేయగలరు. మా డిజైన్ల కోసం మా ఇన్‌స్టా పేజీని..." ఆ తర్వాత పేజీ పేరు ఒక్కో అక్షరం చొప్పున, ఆ తర్వాత ఇదంతా ఇంగ్లీషులో కాస్త క్లుప్తంగా.

దాన్ని కూర్చుని మార్చాం. అప్పుడు మేం ఎంచుకోవలసి వచ్చినవేమిటో, ఏ దారి ఎందుకు పట్టామో చెప్తాను. చిన్న వ్యాపారం నడిపే మనవాళ్లకు ఇది ఎక్కువ పనికొస్తుంది. సొంత ఫోను సంగతి చివర్లో వస్తుంది.

కంపెనీ గొంతా, మన గొంతా

ఫోన్ కొన్నప్పుడు ఉండే పలకరింపు ఫోన్ కంపెనీది. నంబరు చదివి, మెసేజ్ పెట్టమంటుంది. దీంతో పెద్ద చిక్కు ఒకటుంది: చేసినవాళ్లకు తాము సరైన చోటికే చేశామో లేదో తెలియదు. స్నేహితురాలు వాట్సాప్‌లో పంపిన నంబరు చూసి చేసేవాళ్లకు ఆ అంకెలు గుర్తుండవు. మరమనిషి గొంతులో పది అంకెలు వినగానే "తప్పు నంబరేమో" అనుకుని పెట్టేస్తారు. ఇంకా అన్యాయమైనది, అసలు వాయిస్ మెయిల్ సెట్ చేయకుండా వదిలేయడం. అప్పుడు మెసేజ్ పెట్టే వీలే ఉండదు. పెట్టె నిండిపోయినా అంతే.

రెండో దారి, కంపెనీ పలకరింపులోనే మన పేరు ఒక్కటి మన గొంతుతో చేర్చడం. కొన్ని నెట్‌వర్కుల్లో ఇది దొరుకుతుంది. రెండు సెకన్ల పని. సొంత ఫోనుకు ఇది బాగానే సరిపోతుంది. వ్యాపారానికి చాలదు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు చేస్తామో చెప్పడానికి అందులో చోటు లేదు.

మూడోది, మొత్తం మన గొంతుతో. వ్యాపారానికి నా ఓటు దీనికే. అయితే ఇది చెడగొట్టుకోవడమూ సులువే. వదినది అలాగే చెడింది.

ఎంతసేపు: ముందు రింగులు లెక్కపెట్టండి

పలకరింపు ఎంత ఉండాలని ఆలోచించేటప్పుడు మనం మాట్లాడే సెకన్లే లెక్కేస్తాం. చేసినవాళ్ల గడియారం మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. అమెరికాలో రింగు రెండు సెకన్లు మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది, అంటే ఒక్కో రింగుకు ఆరు సెకన్లు. నాలుగు రింగుల తర్వాత వాయిస్ మెయిల్ అందుకుందంటే, మన "నమస్కారం" వినబడేసరికే వాళ్లు ఇరవై సెకన్ల పైన ఎదురుచూసి ఉన్నారు. దాని మీద వదిన నలభై ఆరు సెకన్లు కలపండి. బీప్ వచ్చేసరికి నిమిషం దాటింది. పిల్లల్ని స్కూల్ దగ్గర దింపి కారులోంచి చేసే ఆవిడ అంతసేపు ఆగదు.

ఆ ఎదురుచూపు ఎంతో మీ ఫోనులోనే తెలుసుకోవచ్చు. జీఎస్ఎమ్ పద్ధతిలో నడిచే చాలా నెట్‌వర్కుల్లో డయలర్‌లో `*#61#` కొడితే, ఎత్తని కాల్ ఎన్ని సెకన్లకు ఏ నంబరుకు మళ్లుతుందో తెర మీద చూపిస్తుంది. ఆ గడువు అయిదు నుంచి ముప్ఫై సెకన్ల దాకా ఉండొచ్చు. మీ నెట్‌వర్కులో అది పనిచేయకపోతే ఇంకో ఫోను నుంచి చేసి గడియారం చూసుకోండి, అదే లెక్క.

అందుకే పలకరింపు రెండు రకాలుగా పెట్టి చూశాం. పది సెకన్లది ఒకటి: పేరు, మెసేజ్ పెట్టండి, అంతే. ఇరవై సెకన్లది ఒకటి: పేరు, ఎందుకు ఎత్తలేదు, ఏం చెప్పాలి, మళ్లీ ఎప్పుడు చేస్తాం. చిన్నదానికి జనం ఆగారు కానీ పెట్టిన మెసేజ్‌లలో సరుకు లేదు. "అక్కా, నేను, ఒకసారి చెయ్యి" అని ఒకటి. వదినకు అక్కా అని పిలిచేవాళ్లు నలభై మంది. ఇరవై సెకన్లదానికి పేరు, తేదీ వచ్చాయి. వ్యాపారానికి పదిహేను నుంచి ఇరవై, అంతకు మించి వద్దు. సొంత ఫోనుకు పది లోపే.

రాసుకునేటప్పుడు ఒక కొలత పెట్టుకోవచ్చు. తెలుగులో తొందర లేకుండా, స్పష్టంగా చెప్తే సెకనుకు ఒకటిన్నర పదం వస్తుంది. మన మాటలు పొడుగు, "చేయలేకపోయానండి" ఒక్కటే ఒక సెకను తింటుంది. ఇరవై సెకన్లంటే ముప్ఫై మాటలు. కాగితం మీద ముప్ఫై దాటితే ఏదో ఒకటి కొట్టేయాలి.

వదిన కాగితం మీద ముందుగా కొట్టేసింది సరుకు జాబితా. బ్లౌజు కోసం చేసినావిడకు మీరు బ్లౌజులు కుడతారని తెలుసు. తర్వాత ఇన్‌స్టా పేజీ. కారులో ఉన్నవాళ్లు అక్షరాలు రాసుకోరు. దాన్ని కాల్ తిరిగి చేసినప్పుడు వాట్సాప్‌లో పంపొచ్చు. తర్వాత ఫోన్ నంబరు అడగడం. ఎత్తని కాల్ నంబరు మన తెర మీద ఎలాగూ ఉంటుంది. ఆఫీసు ఫోన్ల నుంచి, లాండ్‌లైన్ల నుంచి ఎక్కువ కాల్స్ వచ్చే ట్యాక్స్ పనివాళ్లు, డాక్టర్లు నంబరు అడగాలి, వాళ్లకు కనబడే నంబరుకు తిరిగి చేస్తే ఆ మనిషి దొరక్కపోవచ్చు. కుట్టుపనికి ఆ అవసరం లేదు. చివరగా "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" పోయింది. ఆ మాట వినగానే బ్యాంకుకు ఫోన్ చేసి అరగంట పాట విన్న రోజులు గుర్తొస్తాయి.

ఏ తీరులో: ఆఫీసు తెలుగా, ఇంటి తెలుగా

వదిన మామూలుగా మాట్లాడితే ఎవరికైనా ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినట్టుంటుంది. రికార్డు అనేసరికి "చేయబడును", "తెలియజేయగలరు" వచ్చేశాయి. ఊళ్లో ఫోన్ చేస్తే నెట్‌వర్క్ అమ్మాయి "స్పందించుట లేదు" అంటుందే, ఆ తెలుగు అది. మర్యాద కోసమే అలా మాట్లాడతాం కానీ వినేవాళ్లకు గుమ్మం వేసి ఉన్నట్టుంటుంది.

మర్యాదంతా తెలుగులో "అండి"లోనే ఉంది. "ఫోన్ తీయలేకపోయానండి, పేరు చెప్పండి" అంటే గౌరవం ఏమీ తగ్గలేదు. ఒక్కరే పనిచేసే చోట "మేము" కూడా అక్కర్లేదు, "నేను" అనొచ్చు. "నేనే చేస్తాను" అన్న మాటలో ఉన్న భరోసా "మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు"లో లేదు. ఇద్దరు ముగ్గురు పనిచేసే కొట్టయితే "మేమే చేస్తాం" బాగుంటుంది. మరీ చనువూ వద్దు. "హాయ్ హాయ్, నేను బిజీ, మెసేజ్ కొట్టండి" అన్నది స్నేహితులకు సరే. కూతురి పెళ్లి బట్టల కోసం చేసే పెద్దావిడకు అది నచ్చదు.

మొదటి మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వదిన పలకరింపు "హలో అండీ..." అని మొదలై ఒక క్షణం ఆగేది. చేసినవాళ్లు తనే ఎత్తిందనుకుని "హలో వదినా, ఆ పట్టుచీర బ్లౌజు..." అని మొదలుపెట్టేవాళ్లు. వాళ్లు చెప్పడం అయ్యేసరికి ఇది రికార్డని తెలిసేది, చిరాకొచ్చేది, బీప్ రాకముందే పెట్టేసేవాళ్లు. తనకు చేరింది సున్నా. అందుకే "హలో"తో మొదలుపెట్టొద్దు, మొదటి మాట తర్వాత ఆగొద్దు. "నమస్కారమండి, ఫలానా బొటీక్" అని ఒకే ఊపులో వెళ్తే అది రికార్డని రెండో సెకనులోనే తెలుస్తుంది.

"వీలైనంత త్వరలో" అనాలా, సమయం చెప్పాలా అన్నదీ తీరులో భాగమే. సమయం చెప్పడమే మేలు. "సాయంత్రం ఆరు దాటాక" అని వింటే ఆవిడ మధ్యాహ్నం మూడుసార్లు మళ్లీ చేయదు. కానీ చెప్పిన సమయానికి రోజూ చేయగలిగితేనే చెప్పండి. వదిన ముందు "గంటలో చేస్తాను" అంటానంది. శ్రావణంలో అది జరగదని తనకే తెలుసు. ఆరింటికి మిషన్ కట్టేస్తుంది కాబట్టి ఆరు పెట్టాం. వేరే టైమ్ జోన్ల నుంచి కాల్స్ వచ్చేవాళ్లయితే ఎక్కడి సమయమో ఒక మాట చేర్చాలి.

తెలుగా, ఇంగ్లీషా, రెండూనా

దీని మీదే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. వదినకు చేసేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ, గుజరాతీ, తమిళ ఆడవాళ్లూ ఉన్నారు. ఇక్కడున్న తెలుగువాళ్లందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, ఇంగ్లీషొక్కటే పెట్టేద్దాం అంది. అందరికీ రాదు. వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మలు, అత్తలు ఆరు నెలలు ఉంటారు, ఆది జాకెట్టు పట్టుకుని తిరిగేది వాళ్లే. ఇంగ్లీషు గొంతు వినగానే వాళ్లు పెట్టేస్తారు.

తెలుగొక్కటే పెడితే తమిళావిడ పెట్టేస్తుంది. రెండు భాషల్లో మొత్తం చెప్తే ఇరవై సెకన్లది నలభై అవుతుంది, మళ్లీ మొదటికే వచ్చాం. దారి ఏమిటంటే రెంటికీ సమానంగా పంచకపోవడం. ఇంగ్లీషులో కావలసిన రెండు ముక్కలే, తెలుగులో కాస్త వివరంగా.

ఏది ముందు? ముందు నేను తెలుగే అన్నాను. తర్వాత ఆలోచిస్తే తెలుగు రాని మనిషికి పన్నెండు సెకన్ల తెలుగు విని ఆగడానికి కారణమేదీ లేదు. తెలుగు మనిషికి మాత్రం "నమస్కారమండి" అన్న మొదటి మాటతోనే తెలుగు వస్తుందని అర్థమవుతుంది, అయిదు సెకన్ల ఇంగ్లీషు ఓపిక పడుతుంది. కాబట్టి నమస్కారం, పేరు, చిన్న ఇంగ్లీషు, ఆపైన తెలుగు. చివరికి నిలిచింది ఇదీ:

"నమస్కారమండి, ఫలానా బొటీక్. ప్లీజ్ లీవ్ యువర్ నేమ్ అండ్ ది డేట్ యు నీడ్ ఇట్, ఐ విల్ కాల్ ఆఫ్టర్ సిక్స్. కుట్టుపనిలో ఉండి ఫోన్ తీయలేకపోయానండి. మీ పేరు, బట్టలు ఏ తేదీకి కావాలో చెప్పండి. సాయంత్రం ఆరు దాటాక నేనే చేస్తాను. బీప్ వినబడ్డాక మాట్లాడండి."

ఇంగ్లీషు పొట్టి మాటలు గబగబా వెళ్తాయి కాబట్టి మొత్తం ఇరవై సెకన్లకు సరిపోయింది. తేదీ అడగడం ఈ పనిలో ప్రాణం లాంటిది. ఆ ఒక్క ముక్క తెలిస్తే సాయంత్రం ముందు ఎవరికి చేయాలో వదినకు తెలిసిపోతుంది. మీ పనిలో ఆ ముక్క వేరుగా ఉంటుంది. కేటరింగ్‌వాళ్లకు తేదీ, ఎంతమందికి అన్నది. డ్రైవింగ్ నేర్పేవాళ్లకు ఏ ఏరియా అన్నది. ఒకటే అడగండి, మహా అయితే రెండు. నాలుగు అడిగితే జనం కంగారుపడి ఒకటీ చెప్పరు.

"బీప్" అన్న మాట చివర్లోనే ఉండాలి, వదిలేయకూడదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు వాయిస్ మెయిల్ అలవాటు లేదు. మన దగ్గర ఎత్తకపోతే మిస్డ్ కాల్ పడుతుంది, తర్వాత వాళ్లే చేస్తారు. ఏదైనా చెప్పాలంటే వాట్సాప్‌లో వాయిస్ పంపుతారు. గొంతు వినబడగానే మాట్లాడేయడం, లేదా ఖంగారుగా పెట్టేయడం వాళ్ల తప్పు కాదు. కాలింగ్ కార్డులతో అమెరికాకు చేసిన రోజుల్లో అయితే, వాయిస్ మెయిల్ అందుకుందంటే కాల్ కలిసినట్టే లెక్క, కార్డులో డబ్బులు తెగేవి. గొంతు వినగానే పెట్టేయడం కొందరికి అప్పటినుంచీ వచ్చిన అలవాటు.

మెసేజ్ వచ్చాక ఇంకో చిక్కుంది. ఫోన్లు వాయిస్ మెయిల్‌ను అక్షరాల్లోకి మార్చి చూపిస్తాయి కదా, తెలుగు మెసేజ్‌ను ఇంగ్లీషు అనుకుని ఏవేవో మాటలు రాస్తాయి. వదిన ఫోన్‌లో "బ్లౌజు" ఒక్కోసారి ఒక్కోలా పడింది. తెలుగు మెసేజ్‌లు చెవితో వినాల్సిందే. అంత తీరిక లేనివాళ్లు "ఈ నంబరుకే వాట్సాప్‌లో పేరు, తేదీ పెట్టండి" అని అడగడం మెరుగు. హైదరాబాదులోనో విజయవాడలోనో కొట్టు నడిపేవాళ్లు అయితే వాయిస్ మెయిల్ జోలికే పోనక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఈ మాటలనే `Greeting message`గానో `Away message`గానో రాసి పెట్టుకుంటే, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినవాళ్లకు అవి వాటంతట అవే వెళ్తాయి.

రికార్డు చేసేటప్పుడు

ఐఫోన్‌లో ఫోన్ యాప్‌లోని `Voicemail`లోకి వెళ్లి, `Greeting` నొక్కి, `Custom` ఎంచుకుని, రికార్డు చేసి, విని, సేవ్ చేయాలి. ముందే చేసిపెట్టుకున్న ఆడియోను అక్కడ ఎక్కించడానికి దారి లేదు, అక్కడికక్కడ మాట్లాడాల్సిందే. మిగతా ఫోన్లలో ఎక్కువగా 1 అంకెను నొక్కి పట్టుకుంటే వాయిస్ మెయిల్‌కి కాల్ వెళ్తుంది, అక్కడ మెనూ చెప్పినట్టు చేయాలి. రెండు సిమ్‌లుంటే దేనికది వేరు.

చోటు ముఖ్యం. మామూలు ఫోన్ లైను గొంతులో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్నదాన్నే మోస్తుంది. స, ఫ లాంటి శబ్దాల పదును అంతకు పైనే ఎక్కువగా ఉంటుంది, అది తెగిపోతుంది. దానికి తోడు గది ప్రతిధ్వని, వంటింటి చిమ్నీ హోరు కలిస్తే మాట ముద్దయిపోతుంది. వెనక వీణ పాట పెడదామని వదినకు కోరిక. వద్దన్నాను. ఫోన్ లైన్లు గొంతు మోయడానికి చేసినవి, సంగీతం వాటిలో నీళ్లలోంచి వస్తున్నట్టు కొట్టుకుంటుంది, పైగా మాటల్ని మింగేస్తుంది.

వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి, కుట్టిన చీరలు, బ్లౌజులు వేలాడేసే చిన్న గదిలో ఒకటి రికార్డు చేసి పోల్చాం. బట్టల గదిలోది చెవి పక్కన మాట్లాడినట్టుంది. గుడ్డ ప్రతిధ్వనిని పీల్చేస్తుంది. మీకు అలాంటి గది లేకపోతే బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడండి. బ్లూటూత్, స్పీకర్ వద్దు. ఫోనును మూతికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకుంటే ప, ఫ, భ అన్నప్పుడు ఊపిరి మైకుకు తగిలి బుస్సుమనదు.

రికార్డు బటన్ నొక్కాక అర సెకను ఆగి మొదలుపెట్టండి. లేకపోతే "నమస్కారం" కాస్తా "స్కారం" అవుతుంది. చివర్లో మాత్రం ఆగొద్దు, ఆఖరి మాట అయిన వెంటనే ఆపేయాలి. అక్కడ మూడు సెకన్ల నిశ్శబ్దం మిగిలితే లైను తెగిందనుకుంటారు.

కాగితం చూసి చదివితే ఎంత బాగా రాసినా వార్తలు చదివినట్టే వస్తుంది. వదిన చేత కాగితం మీద నాలుగు మాటలే రాయించాను: పేరు, తేదీ, ఆరు, బీప్. నిలబడి, నవ్వుతూ చెప్పమన్నాను. నవ్వినప్పుడు పెదవులు సాగి నోటి ఆకారం మారుతుంది, దానితో గొంతు కాస్త తేలికవుతుంది, అది వినేవాళ్లకు తెలుస్తుంది. అయిదోసారి చెప్పింది పెట్టాం. మొదటి రెండూ గట్టిగా, బిగుసుకుని ఉన్నాయి.

సేవ్ చేశాక ఇంకో ఫోను నుంచి చేసి, మొత్తం విని, ఒక మెసేజ్ పెట్టి, అది చేరిందో లేదో చూడండి. ఫోన్ మార్చినా, కంపెనీ మారినా ఇది మళ్లీ చేయాలి. మన పలకరింపు పోయి పాత మరమనిషి గొంతు తిరిగి రావడం చాలామందికి నెలల తరబడి తెలియదు.

సొంత ఫోనుకు

ఇక్కడ నాలుగు మాటలు చాలు. "హాయ్, దిస్ ఈజ్" అని పేరు నిదానంగా చెప్పి, మెసేజ్ పెట్టమంటే ఏడెనిమిది సెకన్లు. ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు మాత్రం కంపెనీ గొంతు అలాగే ఉంచొద్దు, ఇంగ్లీషులో తమ పేరు తప్పక పెట్టండి. మన పేర్లు పలకడానికే తడబడే రిక్రూటరుకు మీ నోట మీ పేరు వినబడితే, సరైన మనిషికే చేశానని తెలుస్తుంది, మళ్లీ చేసినప్పుడు ఎలా పలకాలో కూడా తెలుస్తుంది. పెట్టె నిండిందేమో వారానికోసారి చూసుకోండి.

పాప గొంతుతో పెట్టిన పలకరింపు తాతయ్యకు ఎంతో ముద్దు. ఇంటి నంబరుకైతే ఉంచండి, పనికి వాడే నంబరుకు వద్దు. "పదిహేనో తారీఖు దాకా ఇండియాలో ఉంటాం" అని మాత్రం ఏ ఫోనులోనూ చెప్పొద్దు. ఇల్లు ఖాళీ అని ఊరందరికీ చెప్పినట్టే. "ఈ వారం ఫోన్లు తీయడం కుదరదు, వాట్సాప్‌లో పెట్టండి" అంటే సరిపోతుంది.

వ్యాపారానికీ ఇలాంటి తాత్కాలిక పలకరింపు అవసరం పడుతుంది. వదిన వరలక్ష్మీ వ్రతానికి పది రోజుల ముందు కొత్త ఆర్డర్లు ఆపేస్తుంది. అప్పుడు ఇంగ్లీషు ముక్క తర్వాత ఇలా మారుస్తుంది: "వ్రతం దాకా కొత్త బ్లౌజులు తీసుకోవడం లేదండి. ఇచ్చినవాటి కోసమైతే పేరు చెప్పండి, సాయంత్రం చేస్తాను." మార్చిన రోజే, వ్రతం మర్నాటికి ఫోన్‌లో అలారం పెట్టుకుంటుంది, పాతది మళ్లీ రికార్డు చేయడానికి. ఆ నాలుగు మాటల కాగితం మిషన్ పక్కన గోడకు అంటించే ఉంది.